ఆరు రోజుల టూర్లో మూడు రోజులు రోడ్డు మీదే

మార్చి నెలాఖరు వచ్చిందంటే పొద్దున పేపర్ విప్పగానే రంగురంగుల కరపత్రాలు రెండు మూడు జారి కింద పడతాయి. ఒకటి కోచింగ్ సెంటర్‌ది, ఒకటి ఏసీ సర్వీసింగ్‌ది, మూడోది తప్పకుండా ట్రావెల్ ఏజెన్సీది. మంచు కొండ ముందు గొడుగు పట్టుకున్న జంట, పక్కన పెద్దక్షరాల్లో ‘సిమ్లా – కులు – మనాలి, 5 రాత్రులు 6 పగళ్లు, తలకు కేవలం రూ. 13,999 నుంచి’.

అలాంటి కరపత్రాలు నేను కొన్నేళ్లు రాశాను. హైదరాబాద్‌లో ఓ చిన్న ఏజెన్సీ. నాతో కలిపి ఐదుగురం. టికెట్లు ఒకరు, హోటళ్లు ఒకరు చూసుకునేవారు. కరపత్రం, వాట్సాప్ మెసేజ్, ఆఫీసు బయట ఫ్లెక్సీ నా వంతు. ఆ కాగితంలో ఏ మాట ఎందుకు పెద్దదవుతుందో, ఏ మాట ఎందుకు చిన్నదవుతుందో నాకు తెలుసు కాబట్టి ఇది రాస్తున్నాను.

ఒక వేసవిలో ఖమ్మం నుంచి ఓ రిటైర్డ్ మాస్టారు మా దగ్గర ఈ టూర్ చేసి వచ్చారు. వచ్చిన వారానికి ఆఫీసుకొచ్చి జేబులోంచి మా కరపత్రం తీసి నా బల్ల మీద పరిచారు. పరీక్ష పేపర్ దిద్దినట్టు దాని నిండా ఎర్ర గీతలు.

“ఈ ఫొటో ఎక్కడిదయ్యా?”

“రోహ్‌తాంగ్ పాస్ సార్.”

“మేం వెళ్లామా?”

వెళ్లలేదు. ఐటినరీలో ఐదో రోజు దగ్గర ‘రోహ్‌తాంగ్ పాస్ (వాతావరణం అనుకూలిస్తే)’ అని ఉంది. ఆ రోజు వాతావరణం బాగానే ఉంది. కానీ అది మంగళవారం. రోడ్డు మరమ్మతుల కోసం మంగళవారాలు రోహ్‌తాంగ్‌కి పర్యాటకుల వాహనాలను పంపరు. మా బ్యాచ్‌లన్నీ ఢిల్లీలో శుక్రవారం బయలుదేరేవి. శుక్రవారం మొదటి రోజైతే ఐదో రోజు మంగళవారం. అంటే ఆ సీజన్‌లో మా ద్వారా వెళ్లినవాళ్లలో ఒక్కరు కూడా రోహ్‌తాంగ్ చూసే అవకాశం లేదు. క్యాలెండర్ పక్కన పెట్టుకుని లెక్క వేసినవాడు మా ఆఫీసులో ఒక్కడూ లేడు. మోసం చేద్దామని ఎవరూ అనుకోలేదు కానీ, డబ్బు కట్టిన మాస్టారికి ఆ తేడాతో పనేముంది?

మంగళవారం ఒక్కటే కాదు, రోహ్‌తాంగ్‌కి ఇంకో గేటు కూడా ఉంది. సముద్రమట్టానికి 3,978 మీటర్ల ఎత్తులో, మనాలి నుంచి 51 కిలోమీటర్ల దూరంలో ఉండే ఈ కనుమకి వెళ్లాలంటే పర్మిట్ కావాలి. వాహనాల పొగ వల్ల మంచు నల్లబడుతోందని జాతీయ హరిత ట్రిబ్యునల్ జోక్యం చేసుకున్న తర్వాత రోజుకు ఇన్ని బండ్లే అని పరిమితి పెట్టారు. ప్రస్తుత లెక్క 1,200 బండ్లు, అందులో 800 పెట్రోలువి, 400 డీజిలువి. మే నెలలో మనాలికి వచ్చే జనం ముందు ఇది ఏ మూలకి! పర్మిట్లు ఆన్‌లైన్‌లో తెరుచుకోగానే అయిపోతాయి. పైగా చలికాలమంతా మంచు కింద ఉన్న ఆ రోడ్డును సరిహద్దు రోడ్ల సంస్థ తవ్వి తెరవాలి. అది మామూలుగా మే నెలలో జరుగుతుంది, మంచు ఎక్కువ పడిన ఏడాది ఇంకా ఆలస్యమవుతుంది. ‘వాతావరణం అనుకూలిస్తే’ అనే రెండు మాటల వెనక ఇంత కథ ఉంది. పర్మిట్ దొరకడం, వారం కుదరడం, దారి తెరవడం – ఈ మూడూ వాతావరణం ఖాతాలోకే పోతాయి.

దీనికి ప్రత్యామ్నాయం లేకపోలేదు. 2020 అక్టోబర్‌లో ప్రారంభమైన అటల్ సొరంగం రోహ్‌తాంగ్ కొండ కింద నుంచి 9.02 కిలోమీటర్లు సాగి అవతల లాహౌల్ లోయలో తేలుతుంది. దానికి ఈ పర్మిట్ అక్కర్లేదు. అవతల సిస్సూ అనే ఊరు, దాని మీద జలపాతం. ఇవతల పచ్చటి దేవదారు చెట్లు, పది పదిహేను నిమిషాల్లో అవతల బోడి కొండలు. నన్నడిగితే రోహ్‌తాంగ్ మీద బండ్ల బారులో గంటలు కూర్చోవడం కంటే ఇదే మంచి రోజు. అలాంటప్పుడు కరపత్రంలో సొరంగం, సిస్సూ అనే రాసి, ఆ ఫొటోనే వేయొచ్చు కదా. వేయం. ఎందుకంటే రోహ్‌తాంగ్ పేరు అందరికీ తెలుసు, సిస్సూ పేరు ఎవరికీ తెలియదు.

మాస్టారి రెండో ఎర్ర గీత ‘6 పగళ్లు’ కింద ఉంది. ఆ ఆరు పగళ్లూ ఎలా గడిచాయో ఆయన చెబుతుంటే మా ఓనర్ కూడా వచ్చి పక్కన కూర్చున్నాడు.

మొదటి రోజు పొద్దున ఢిల్లీలో ఎక్కితే సిమ్లాకి దాదాపు 350 కిలోమీటర్లు. చండీగఢ్ దాకా రోడ్డు సాఫీగా ఉంటుంది, ఆ తర్వాత కొండ మలుపులు. ఎనిమిది తొమ్మిది గంటలు పట్టి చీకటి పడేసరికి హోటల్ చేరారు. మూడో రోజు సిమ్లా నుంచి మనాలికి 250 కిలోమీటర్లు. మైదానంలో ఐతే నాలుగు గంటల దూరం, అక్కడ రోజంతా పట్టింది. ప్యాకేజీ పేరులో ఉన్న ‘కులు’ ఆ సాయంత్రం బండి కిటికీలోంచి కనిపించిన ఊరు. శాలువాల షాపు దగ్గర అరగంట ఆపారు, అంతే. ఆరో రోజు మనాలి నుంచి ఢిల్లీకి 500 కిలోమీటర్ల పైమాటే, పన్నెండు నుంచి పద్నాలుగు గంటలు. అంటే ఆరు రోజుల్లో మూడు బండిలోనే. మిగిలిన మూడిట్లో ఒకటి సిమ్లా, కుఫ్రీ. ఒకటి మనాలిలో హిడింబ గుడి, వశిష్ఠ వేడినీటి గుండాలు. ఒకటి సోలంగ్ లోయ.

“ఆరు రోజులు అన్నారు, మూడే చూపించారు. మా ఆవిడకి మోకాళ్ల నొప్పులు. ముందే చెబితే ఇంకో రెండు రోజులు పెంచుకునేవాళ్లం కదయ్యా” అన్నారాయన. ఆ మాటకి మా దగ్గర జవాబు లేదు. కిలోమీటర్లూ గంటలూ రాయడానికి మాకు ఒక్క గీత చాలు. రాస్తే టూర్ బరువుగా కనిపిస్తుందని రాయలేదు.

మాది పగటి ప్రయాణం కాబట్టి కనీసం ఐదు రాత్రులూ హోటల్లో పడుకున్నారు. ఇంకా తక్కువ ధరకి దొరికే ప్యాకేజీల్లో ఢిల్లీ–మనాలి మధ్య వోల్వో బస్సులో గడిపే రాత్రి కూడా ఆ ఐదులోకే వస్తుంది. పోను ఒకటి, రాను ఒకటి, హోటల్లో మిగిలేవి మూడు. ‘5 రాత్రులు’ అని చూసినప్పుడు ఏ రాత్రి ఏ ఊళ్లో, మంచం మీదా సీటు మీదా అని అడగడం మొహమాటపడాల్సిన విషయం కాదు.

ఇక ధర. కరపత్రం ధర మీద ‘నుంచి’ అనే చిన్న మాట ఉంటుందే, దాని బరువు ఎంతో ఓ కుటుంబం లెక్కతో చూద్దాం. భార్యాభర్తలు, తొమ్మిదేళ్ల బాబు, బామ్మగారు. నలుగురు, రెండు గదులు. కింద వేసే అంకెలు ఉదాహరణకే, కానీ ఏ పద్దు ఎక్కడ చేరుతుందో మాత్రం నిజం.

పదమూడు వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిదిని నాలుగుతో గుణిస్తే రూ. 55,996. ఇంట్లో అందరూ అనుకునేది ఈ అంకె. ఆఫీసుకి ఫోన్ చేస్తే తెలుస్తుంది, ఆ ధర ఒకే బండిలో ఆరుగురు పెద్దవాళ్లు వెళితే వర్తించేదని. బండి అద్దె ఆరుగురికి పంచినా నలుగురికి పంచినా ఒకటే కాబట్టి తలకు మరో రూ. 2,500. నలుగురికి పదివేలు. దాని మీద 5 శాతం జీఎస్టీ. ఇప్పటికి దాదాపు రూ. 69,300 అయింది, ఇంకా ఇంట్లోంచి కాలు బయట పెట్టలేదు.

ఎందుకంటే ఇది ‘ఎక్స్ ఢిల్లీ’ ప్యాకేజీ. మా రంగంలో ఆ మాటకి అర్థం, ఢిల్లీలో మొదలై ఢిల్లీలో ముగుస్తుందని. హైదరాబాద్ ఏజెన్సీ, హైదరాబాద్ పేపర్లో కరపత్రం కాబట్టి హైదరాబాద్ నుంచే టికెట్లు ఉంటాయని చాలామంది అనుకుంటారు. రైల్లో థర్డ్ ఏసీకి ఒక్కో వైపు రెండు వేలు వేసుకున్నా నలుగురికి రానూపోనూ రూ. 16,000. బాబుకి బెర్తు కావాలంటే వాడికీ పెద్దవాళ్ల టికెట్టే. ఒక్కో వైపు ఒక పగలూ రాత్రీ ప్రయాణం, దారిలో తిండి మరో మూడు వేలు. అదీ పోనీ అనుకుంటే మధ్యాహ్నం భోజనాలున్నాయి. ప్యాకేజీలో ‘ఎంఏపీ’ అని రాసి ఉంటుంది, అంటే పొద్దున టిఫిన్, రాత్రి భోజనం మాత్రమే. ‘సీపీ’ అంటే టిఫిన్ ఒక్కటే. మూడు పూటలా పెట్టేది ‘ఏపీ’. మనవాళ్లు కొందరు అది ఆంధ్రప్రదేశ్ భోజనం అనుకుని సంతోషపడ్డ సందర్భాలు కూడా నేను చూశాను! కొండ దారి ధాబాల్లో నలుగురు ఐదు రోజులు తింటే మరో ఐదువేలు.

ఆ తర్వాత అక్కడి ఖర్చులు. కుఫ్రీలో బండి కింద ఆగిపోతుంది, పైకి గుర్రం మీద వెళ్లాలి. గుర్రం ప్యాకేజీలో ఉండదు. సోలంగ్ దారిలో మంచు కోటు, బూట్లు అద్దెకిస్తారు, అదీ ఉండదు. మనాలిలో బయటి రాష్ట్రం నుంచి వచ్చిన బండిని స్థానిక టాక్సీ యూనియన్ వాళ్లు అటువైపు పోనివ్వకపోతే అక్కడి టాక్సీ మాట్లాడుకోవాలి. కరపత్రంలో ‘సోలంగ్ వ్యాలీ సందర్శన’ అని ఉంటుంది, అక్కడికి ఏ బండిలో అన్నది ఉండదు. వీటన్నిటికీ కలిపి ఆరేడు వేలు వేసుకుంటే మొత్తం లక్షకి కాస్త అటూ ఇటూ. యాభై ఆరు వేలనుకుని బయలుదేరిన కుటుంబం లక్ష ఖర్చుపెట్టి వస్తుంది.

ఇందులో మా ఏజెన్సీ దాచుకుని తిన్నది ఏమీ లేదు, గుర్రం డబ్బు గుర్రం వాడికే, రైలు డబ్బు రైల్వేకే పోయింది. లక్ష పెట్టగలిగిన కుటుంబమే కావచ్చు కూడా. కానీ సిమ్లాలో మూడో రోజు నుంచి ప్రతి చోటా పర్సు తీయాల్సి వస్తే ఆ మనిషి మొహం ఎలా ఉంటుందో మాస్టారి మొహంలో చూశాను.

ఆ రోజు ఆయన వెళ్లాక మా ఓనర్ కరపత్రాన్ని తిరగేసి, వెనక అడుగున చీమల బారులా ఉన్న ‘లేనివి’ భాగాన్ని ఎంతసేపో చూశాడు. “దీన్ని ముందు పేజీకి తీసుకురా. పై అక్షరాలు ఎంత ఉన్నాయో ఇవీ అంతే ఉండాలి” అన్నాడు. అమ్మకాలు పడిపోతాయని మేమంతా గొణిగాం. తర్వాత తెలిసింది, చట్టం అడిగేది కూడా దాదాపు ఇదే అని. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 2022 జూన్‌లో వచ్చిన తప్పుదోవ పట్టించే ప్రకటనల మార్గదర్శకాల ప్రకారం, ప్రకటనలో ప్రధానంగా చెప్పిన మాటకి పెట్టే షరతు కూడా అదే భాషలో, అదే ఫాంట్‌లో ఉండాలి. పైన చెప్పినదాన్ని కింద షరతు కొట్టిపారేయకూడదు. పైన తెలుగులో ‘రోహ్‌తాంగ్’ అని కేక పెట్టి, కింద ఇంగ్లిష్‌లో గుసగుసగా ‘గ్యారంటీ లేదు’ అనడం ఈ రెంటికీ విరుద్ధం.

కొత్త కరపత్రం రాయడానికి నాకు వారం పట్టింది. దానిలో కొన్ని ముక్కలు నాకిప్పటికీ గుర్తున్నాయి.

‘టూర్ ఢిల్లీలో ఆదివారం ఉదయం మొదలై ఢిల్లీలో ముగుస్తుంది. హైదరాబాద్–ఢిల్లీ టికెట్లు మీవి. కావాలంటే మేం తీసిపెడతాం.’

‘1, 3, 6 రోజులు పూర్తిగా ప్రయాణమే. మోకాళ్ల నొప్పులున్నవారు, కొండ మలుపుల్లో వాంతులయ్యేవారు బుక్ చేసుకునే ముందు మాతో మాట్లాడండి.’

‘ఐదో రోజు అటల్ సొరంగం, సిస్సూ. రోహ్‌తాంగ్ ఈ ప్యాకేజీలో లేదు. దారి తెరిచి ఉండి, పర్మిట్ దొరికితే అక్కడి టాక్సీలో మీ ఖర్చుతో వెళ్లవచ్చు.’

‘కొండ దారుల్లో బండికి ఏసీ వేయరు. సిమ్లా హోటల్ మాల్ రోడ్డు మీద కాదు, అక్కడికి మూడు కిలోమీటర్లు. మాల్ రోడ్డు మీదకి టూరిస్టు బండ్లను రానివ్వరు, లిఫ్టు ఎక్కి వెళ్లాలి.’

‘డ్రైవర్ బత్తా, టోల్, పార్కింగ్ మావి. మధ్యాహ్న భోజనం, గుర్రాలు, కోట్ల అద్దె, ప్రవేశ టికెట్లు మీవి. నలుగురి కుటుంబానికి వీటికి ఇంతవుతుంది’ అని ఒక అంకె. ధర కూడా ‘నుంచి’ లేకుండా ఇద్దరికి ఇంత, నలుగురికి ఇంత, ఆరుగురికి ఇంత అని, జీఎస్టీ కలిపి వేశాం.

హోటల్ పేరు పక్కన ‘లేదా అదే స్థాయి హోటల్’ అనే మాట మాత్రం తీయలేకపోయాం. మే నెలలో గదులు చేతులు మారుతుంటాయి, మేం కట్టిన అడ్వాన్స్ ఉండగానే వేరేవాళ్లకి ఇచ్చేసిన హోటళ్లు ఉన్నాయి. అందుకని బయలుదేరే వారం ముందు హోటల్ పేరు, ఫోన్ నంబరు ఉన్న వోచర్ పంపిస్తామని రాశాం. వోచర్ వచ్చాక నేరుగా ఆ హోటల్‌కి ఫోన్ చేసి మీ పేరున గది ఉందా అని అడగొచ్చు. మంచి ఏజెన్సీ దానికి నొచ్చుకోదు.

రద్దు షరతులు రాయడమే అన్నిటికంటే కష్టమైంది. నెల ముందు మానుకుంటే అడ్వాన్స్‌లో కొంత, పదిహేను రోజుల ముందైతే సగం, చివరి వారంలో ఐతే ఏమీ తిరిగి రాదు అన్నది మామూలు పద్ధతి. హోటల్ వాళ్లు సీజన్‌లో మా దగ్గర ముందే మొత్తం తీసుకుంటారు కాబట్టి ఇందులో ఏజెన్సీ చేతిలో ఉన్నది తక్కువే. కొండచరియ విరిగిపడి దారి మూసుకుపోతే మనాలిలో అదనంగా ఉండే రాత్రి ఖర్చు ఎవరిది అన్నది చాలా కరపత్రాల్లో ఉండదు. మీదే అవుతుంది. ఆ మాట ముందే చెప్పాం. 2023 జులై వరదల్లో బియాస్ నది మనాలి రోడ్డునే చాలా చోట్ల కోసుకుపోయింది. జూన్ చివర్లో వర్షాలు మొదలయ్యాక ఈ టూర్ మేం అమ్మేవాళ్లం కాదు.

తేదీల సంగతి ఒకటి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే అది మన రాష్ట్రాలవాళ్లకే కలిసొచ్చేది. మన బడులకి ఏప్రిల్ చివరి వారంలోనే సెలవులిస్తారు. ఢిల్లీ చుట్టుపక్కల బడులకి మే నెల వచ్చాక గానీ ఇవ్వరు. ఆ నడుమ ఉన్న రోజుల్లో సిమ్లా, మనాలిల్లో గదులు చవక, రోడ్డు మీద బండ్లు తక్కువ. రోహ్‌తాంగ్ అప్పటికి తెరుచుకోకపోవచ్చు, కానీ కొండల మీద మంచు ఇంకా కిందదాకా ఉంటుంది. మే 20 తర్వాత అదే గది అద్దె దాదాపు రెట్టింపు అడిగిన హోటళ్లతో నేను బేరమాడాను.

ఆ కొత్త కరపత్రం పేపర్లలో వేసినప్పుడు మొదటి వారం ఫోన్లు తగ్గాయి. పక్క ఏజెన్సీ వాళ్ల 12,499 చూసి అటు వెళ్లినవాళ్లు ఉన్నారు. మాకు ఫోన్ చేసినవాళ్లు మాత్రం ‘ఇంకేమైనా ఉందా?’ అని అడగడం మానేశారు. సీజన్ అయ్యాక ఎర్ర గీతలు గీసుకుని ఎవరూ రాలేదు.

మీకు జరిగింది ఒకటి, కాగితంలో ఉన్నది ఒకటి అయితే ఆ కాగితాన్ని పారేయకండి. కరపత్రం, వాట్సాప్ మెసేజీలు, డబ్బు కట్టిన రసీదు, హోటల్ వోచర్ – ఈ నాలుగూ ఉంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌కీ వెళ్లొచ్చు. నోటి మాటగా ఇచ్చిన హామీలను అక్కడ నిలబెట్టడం కష్టం. అందుకే ఏజెంటు ఫోన్లో ‘అన్నీ ఉన్నాయండీ’ అంటే, ‘ఆ అన్నీ మెసేజ్ పెట్టండి’ అనండి.

ఈ వేసవికి మీ ఇంట్లోనూ ఓ కరపత్రం టీపాయ్ మీద ఉండే ఉంటుంది. అడ్వాన్స్ కట్టే ముందు గోడ మీది క్యాలెండర్ చూసి, అందులో ఐదో రోజు ఏ వారం వస్తోందో ఒక్కసారి లెక్కపెట్టుకోండి.